‘నగుమోము’ మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

కావలి

చిరంజీవి అమ్మాయికి పెదనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. మొదటి పేజీ అంతా త్యాగరాజు జీవితానికే పోయింది. ఆయన ఇంటిపేరు కాకర్ల అనీ, ఆ ఊరు మన కంభం పక్కనే ఉందనీ రాయడం నాకూ ఇష్టమే. కానీ దాన్ని ఒక్క వాక్యంలో ముగించు. రెండో పేజీలో ‘భక్తి ఉట్టిపడుతోంది’, ‘ఆర్తి తొణికిసలాడుతోంది’ అన్నావు. అవి ఆయన కీర్తనల్లో దేనికైనా అతికే మాటలు. నీ వ్యాసం ఈ పాట మీద కదా, ఇందులో ఏ మాట ఏం చేస్తోందో చెప్పాలి.

ముందు పాట వినడం ఆపి, సాహిత్యాన్ని కాగితం మీద రాసుకో. పాడేటప్పుడు చేరే సంగతులూ ఆవృత్తులూ తీసేసి వచనం రాసినట్టు రాయి:

నగుమోము గనలేని నా జాలి తెలిసి
నన్ను బ్రోవగ రాద శ్రీరఘువర నీ
నగరాజధర నీదు పరివారులెల్ల
ఒగి బోధన జేసెడువారలు గారే అటులుండుదురే నీ
ఖగరాజు నీ ఆనతి విని వేగ చనలేడో
గగనానికిలకు బహు దూరంబనినాడో
జగమేలే పరమాత్మ ఎవరితో మొరలిడుదు
వగజూపకు తాళను నన్నేలుకోరా త్యాగరాజనుత

రాయడం ఎందుకంటే, వినికిడిలో మాటలు తప్పుగా విరుగుతాయి. నీ కాగితంలో ‘ఖగరాజుని ఆనతి విని’ అని ఉంది. అలా అయితే ఆజ్ఞ ఇచ్చేది గరుత్మంతుడవుతాడు! అక్కడున్నది ‘ఖగరాజు, నీ ఆనతి విని’. ఒక్క దీర్ఘం పోయేసరికి యజమాని, సేవకుడు తారుమారయ్యారు. పల్లవి చివరి ‘నీ’ని అచ్చుతప్పనుకుని కొట్టేశావు. అది తప్పు కాదు. పాడేవాళ్లు మళ్లీ పల్లవి ఎత్తుకున్నప్పుడు అది ‘నీ నగుమోము’ అయి కలుస్తుంది. తర్వాతి రెండు పాదాలైన అనుపల్లవి చివరి ‘నీ’ కూడా అంతే.

ఇక మొదటి పాదం. ‘జాలి’ అంటే ఇవాళ మనం దయ అనుకుంటాం. ఇక్కడ అది ‘నా జాలి’, రాముడు తెలుసుకోవలసిన జాలి, కాబట్టి వేదన అనే అర్థమే పొసగుతుంది. ‘గనని’ అనకుండా ‘గనలేని’ అన్నాడు: చూడాలని ఉంది, చూడలేకపోతున్నాడు. అసలు చిక్కు ‘నగుమోము’లో ఉంది. ఆయనకు కనబడనిది మోమా, మోము మీది నవ్వా? మొదటిదైతే రాముడు ఎదురుగా లేడు. రెండోదైతే ఎదురుగానే ఉన్నాడు కానీ ముఖం మాడ్చుకున్నాడు. దీన్ని ఇప్పుడే తేల్చకు. పక్కన గీత గీసి పెట్టుకో, చివరి పాదం దగ్గర పనికొస్తుంది.

నేను ఎక్కువసేపు ఆగమనేది ప్రశ్నల దగ్గర. ఈ పాటలో ఆరు ప్రశ్నలున్నాయి, అన్నీ ఒక తీరువి కావు. ‘బ్రోవగ రాద’ అంటే ‘రాదా’, అందులో ‘ఆ’ ఉంది. అది ఎదుటివాణ్ణి నేరుగా అడిగే ప్రశ్న, కాస్త బతిమాలుతుంది. ‘వారలు గారే’, ‘అటులుండుదురే’లలో ‘ఏ’ వచ్చింది. అది అడగడం కన్నా నిలదీయడం. నీ చుట్టూ ఉన్నవాళ్లు తగినట్టు చెప్పేవాళ్లే కదా, మరి అలా ఊరుకుంటారా అని. ‘చనలేడో’, ‘అనినాడో’ దగ్గరికొచ్చేసరికి ‘ఓ’. ఇది ఎవరినీ అడగదు, తనలో తాను ఊహించుకుంటుంది. రావలసిన చుట్టం పొద్దుపోయినా రాకపోతే, బస్సు దొరకలేదో, ఎవరైనా ఆపేశారో అని మనం గుమ్మంలో నిలబడి అనుకుంటామే, అదీ గొంతు. గరుడుడు త్వరగా కదల్లేకపోయాడో, ఆకాశానికీ భూమికీ చాలా దూరం అన్నాడో! తప్పు రాముడిది కాకుండా ఉండాలని వెతుక్కునే సాకులివి. నీ వ్యాసంలో దీన్ని ‘నిందాస్తుతి’ అని ఒక్క మాటలో తేల్చేశావు. నింద మీదకంటా రాకుండా త్యాగరాజు ఎంతసేపు ఆపుకున్నాడో అందులో కనబడదు.

‘గారే’ దగ్గర ఇంకో దారి ఉంది. పాత తెలుగులో ‘ఏ’ ప్రశ్నకూ వస్తుంది, నొక్కిచెప్పడానికీ వస్తుంది. ‘నీ వాళ్లు మంచి చెప్పేవాళ్లు కానే కారు’ అనీ చదవొచ్చు. నాకు ప్రశ్నే సరి అనిపిస్తుంది, ఎందుకంటే వెంటనే వచ్చే ‘అటులుండుదురే’ మరో ప్రశ్నగా దానికి జతపడుతుంది. నువ్వు రెండూ రాసి, ఏది ఎందుకు ఎంచుకున్నావో కారణం చెప్పు. రెండర్థాలున్నాయని చెప్పి వదిలేస్తే సగం పనే అయినట్టు.

ఏడో పాదంలో ‘ఎవరితో మొరలిడుదు’ ఆఖరి ప్రశ్న. పరివారం, గరుడుడు అందరూ అయిపోయారు, ఇక మిగిలింది రాముడే. ఆ తర్వాత ఒక్క ప్రశ్న కూడా లేదు చూడు. ‘వగజూపకు’, ‘తాళను’, ‘ఏలుకోరా’: వద్దనడం, నావల్ల కాదనడం, ఆజ్ఞ. గొంతు మారిందని నువ్వు రాశావు కానీ ఎక్కడ మారిందో చూపలేదు. అది ఈ క్రియల్లోనే ఉంది.

ఇప్పుడు గీత గీసుకున్న చోటికి రా. ‘వగ’ అంటే బెట్టు, నటన. దుఃఖమనీ అర్థముంది. ‘నాతో బెట్టు చేయకు’ అన్నదే ఇక్కడ ముందొచ్చే అర్థం. కానీ నగడం, వగవడం మన భాషలో ఎదురెదురు జంట. నగుమోము అడిగినవాడికి దక్కినది వగ. ఈ మాటను బట్టి చూస్తే రాముడు ఎదురుగానే ఉండి నవ్వు దాచుకున్నాడన్న అర్థానికి కొంత బలం వస్తుంది. ‘కొంత’ అనే రాయి. దూరం గురించిన ఊహ రెండో వైపు లాగుతూనే ఉంది.

‘జగమేలే’కూ ‘నన్నేలుకోరా’కూ ధాతువు ఒకటే. లోకాన్ని ఏలడం వేరు, ఒకణ్ణి ఏలుకోవడం వేరు. ‘కొను’ చేరడంతో తనవాణ్ణిగా చేసుకోమన్న అర్థం వచ్చింది.

ఒక జాగ్రత్త. నగు, నగ, ఒగి, ఖగ, గగ, జగ, వగ అని రెండో అక్షరం ‘గ’కారంగా వస్తోంది. అది ప్రాస నియమం. ఆ శబ్దంలో ఏడుపు వినబడుతోందని రాయకు, చూపించలేవు. ‘నగరాజధర’ అనే సంబోధన ప్రాస కోసమూ వచ్చి ఉండొచ్చు. అయినా కొండ మోసినవాడికి నా దగ్గరికి రావడం బరువా అనే ధ్వని అక్కడ పొసగుతుంది, దాన్ని రాయొచ్చు. ప్రాస ఆ మాటను పిలిచింది, సందర్భం దానికి పని ఇచ్చింది.

‘త్యాగరాజనుత’ను కవి సంతకంగా వచ్చే ముద్ర అని మాత్రమే రాశావు. ఆయన పుట్టిన తిరువారూరులో శివుడి పేరు త్యాగరాజు. శివుడు పొగిడినవాడా అనీ అవుతుంది, నేను పొగిడినవాడా అనీ అవుతుంది. రెండోదైతే ‘ఇన్నాళ్లూ నిన్ను పాడింది నేనే కదా’ అన్న హక్కు వినిపిస్తుంది. ఏలుకోరా పక్కన నాకు అదే ఎక్కువ వినబడుతోంది. నీకేది వినబడుతోందో కారణంతో రాసి, తిరగరాసిన కాగితాలు మీ నాయన వచ్చేటప్పుడు ఇచ్చి పంపు.

మీ పెదనాయన