చీటీలో గ్యాస్ మాత్ర, కేస్ షీటులో ఒక్క ముక్క

ప్రశ్న: మాది మండల కేంద్రంలో పది పడకల ఆస్పత్రి. ఇరవై నెలల క్రితం రాత్రి పదకొండు గంటలకు 54 ఏళ్ల ఆయన పొట్ట పైభాగంలో మంట, నొప్పి అంటూ బావమరిదితో వచ్చారు. ఈసీజీ తీస్తే గుండెపోటు. చేరమని, పెద్దాస్పత్రికి పంపుతానని చేతులు పట్టుకుని బతిమాలాను. తెల్లారితే కూతురి పెళ్లిచూపులు, అవయ్యాక వస్తానని వెళ్లిపోయారు. తెల్లవారుజామున చనిపోయారు. కేస్ షీటులో ‘చేరమన్నాం, ఇష్టపడలేదు, లామా’ అని, అంటే వైద్య సలహా కాదని వెళ్లిపోయారని రాసి బావమరిది సంతకం తీసుకున్నాం. ఇప్పుడు భార్య లాయరు నోటీసు పంపారు. గ్యాస్ అని చెప్పి పంపేశామట. బావమరిదేమో ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకున్నారంటున్నాడు. కేస్ షీటు కాపీలు కూడా అడిగారు. నోటీసు వచ్చి 18 రోజులైంది, టెన్షన్‌తో ఏమీ చేయలేకపోయాను. ఆ రాత్రి జరిగిందంతా అదే పేజీలో ఇప్పుడు వివరంగా రాసుకోవచ్చా? మా కాంపౌండరు రాసేయమంటున్నాడు.

జవాబు: డాక్టరు గారూ, మీరు బతిమాలింది నిజమే కావచ్చు. కేసు వేస్తే విచారించే వినియోగదారుల కమిషన్ దాన్ని చూడదు. చూసేది ఒక్కటే: అది గుండెపోటు అని, ఇంటికెళ్తే ప్రాణం పోవచ్చని ఆయనకు మీరు చెప్పారా, చెప్పినట్టు ఆ రాత్రి నాటి రుజువు ఏముంది?

నోటీసుతో పాటు మీరు పంపిన ఓపీ చీటీ కాపీ చూశాను. మీ ప్రశ్నలో ఆ చీటీ మాటే లేదు, కానీ మీకు అసలు ప్రమాదం దాంట్లోనే ఉంది. పైన ‘కడుపు మంట’, కింద పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర, ‘రేపు చూపించుకోవాలి’ అని ఉంది. గుండెపోటు అన్న మాట ఎక్కడా లేదు. కుటుంబం చేతిలో ఉన్నది ఆ కాగితమే. మీ కేస్ షీటులో ‘చేరమన్నాం’ అని ఉంది, ఎందుకు చేరమన్నారో లేదు. గ్యాస్ నొప్పికి కూడా ఓ రాత్రి చేర్చుకుంటారు కదా. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే మీరు గ్యాస్ అనుకున్నారనే అర్థం వస్తుంది. అలాంటప్పుడు ఆయన చికిత్స వద్దన్నారన్న వాదన నిలవదు. జబ్బేమిటో తెలియని మనిషి చికిత్స నిరాకరించడం అనేదే ఉండదు.

సమీరా కోహ్లి కేసులో 2008లో సుప్రీంకోర్టు, రోగి సమ్మతి తీసుకునే ముందు డాక్టరు ఏమేమి చెప్పాలో వరుసగా పేర్కొంది. చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే మార్గాలున్నాయా, ప్రమాదాలేమిటి అన్నవాటితో పాటు, వద్దంటే ఏమవుతుందన్నది కూడా ఆ వరుసలో ఉంది. ‘వద్దన్నారు’ అని రాయడం తేలిక. ‘వద్దంటే ఏమవుతుందో తెలిసి వద్దన్నారు’ అని చూపించాలి. మీ కాగితంలో లోటు అక్కడే.

అదే కేసులో ఇంకో సంగతి కూడా తేలింది. చిన్న పరీక్ష కోసం మత్తులో ఉన్న మహిళకు ఆమె తల్లి సంతకంతో గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు, కూతురు మేజర్, ఆమె తేరుకునేదాకా ఆగవచ్చు, కాబట్టి తల్లి సమ్మతి చెల్లదని కోర్టు అంది. మీ దగ్గరికి వచ్చిన ఆయన స్పృహలో ఉన్నారు, మాట్లాడుతున్నారు, తన కాళ్ల మీద నడిచి వెళ్లారు. ఆయన సంతకం వదిలేసి బావమరిది సంతకం ఎందుకు తీసుకున్నారు? పక్కనున్నవాళ్ల సంతకం సాక్షి సంతకమే, రోగి సంతకానికి బదులు కాదు. ఆయన సంతకం కూడా పెట్టనంటే ఆ మాటే రాసి, మీరు, నర్సు, మరొకరు సమయం వేసి సంతకాలు చేయాల్సింది. పైగా మీ ఫారం అంతా ఇంగ్లిష్‌లో అచ్చయింది. ‘ఏం జరిగినా డాక్టరుకు బాధ్యత లేదు’ అన్న దాని చివరి వాక్యం మిమ్మల్ని కాపాడుతుందని నమ్మినట్టున్నారు. ఆ వాక్యంతో నిర్లక్ష్యం మాఫీ కాదు. ఆ ఫారానికి విలువ వచ్చేది మీ ఇద్దరి మధ్య నడిచిన మాటలకు అది రుజువైనప్పుడే. మీ ఫారంలో ఆ మాటలే లేవు.

ఇక కాంపౌండరు సలహా. ఆ పేజీ మీద పెన్ను పెట్టకండి. చుక్క కూడా. ఆ రాత్రే బావమరిది ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని ఉంటే? రెండు వరుసల మధ్య ఇరికించిన అక్షరాలు, మారిన సిరా చూడగానే పట్టించేస్తాయి. దిద్దినట్టు తేలితే, ఇప్పుడు చికిత్సలో లోపం అన్న ఆరోపణ వరకే ఉన్నది భారతీయ న్యాయ సంహితలోని 336వ సెక్షన్ ఫోర్జరీ, 228వ సెక్షన్ తప్పుడు సాక్ష్యం సృష్టించడం దాకా పోతుంది. మెడికల్ కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్ కూడా చిక్కుల్లో పడుతుంది. అన్నిటికీ మించి, మీరు నిజంగా చేసిన మంచి పని కూడా ఆ తర్వాత ఎవరూ నమ్మరు. గుర్తున్నదంతా వేరే కాగితం మీద, ఈ రోజు తేదీ వేసి, మీ లాయరు కోసం రాయండి. అది కేస్ షీటులోకి పోకూడదు.

మీకు ఆధారం లేకపోలేదు. మీరే ఉత్తరం చివర ఏదో పెద్ద విషయం కాదన్నట్టు రాశారు, ఆ రాత్రి 11.42కు ఈసీజీ ఫొటోను జిల్లా కేంద్రంలోని గుండె డాక్టరుకు వాట్సాప్‌లో పంపి, ‘ఇన్ఫీరియర్ వాల్ ఎంఐ, పంపిస్తున్నా, బెడ్ ఉందా’ అని అడిగానని. మీ కేసుకు ప్రాణం అదే. మీరు గ్యాస్ అనుకోలేదని, గుండెపోటు గుర్తించి పంపబోయారని ఆ నిమిషం నాటి మీ మాటే చెబుతోంది. ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. ఆ డాక్టరు గారి ఫోన్‌లోనూ ఆ మెసేజ్ ఉందేమో అడగండి. దాన్ని కమిషన్ ముందు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ కూడా రాయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి జత చేస్తే సరిపోతుందనుకోకండి.

రెండోది, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లోడింగ్ డోస్ ఇచ్చామన్నారు. కేస్ షీటులో లేదు. మందుల స్టాకు రిజిస్టరులో ఆ రాత్రి ఖర్చు రాసి ఉందా, బిల్లులో ఉందా వెతికించండి. ఉన్న రిజిస్టరును ఉన్నట్టు భద్రం చేయండి, కొత్తగా ఏమీ నింపకండి. గ్యాస్ నొప్పికి ఆ డోస్ ఎవరూ ఇవ్వరు. మూడోది, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు. ఇప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తున్నా సరే, ఆమె విన్నది ఆమె మాటల్లోనే అఫిడవిట్ అవుతుంది. ఏం చెప్పాలో మీరు నేర్పవద్దు. ఈసీజీ పట్టీ మీద మిషన్ అచ్చు వేసిన తేదీ, సమయం ఉంటాయి. అవి మీకు అనుకూలమే, కానీ ఈసీజీ తీశారని చెబుతాయే తప్ప రోగికి చెప్పారని చెప్పవు. చెప్పారన్నదానికి నర్సు మాటే మీకు మిగిలిన ఆధారం.

నోటీసు సొరుగులో పెట్టి 18 రోజులు కూర్చోవడాన్ని మాత్రం సమర్థించలేను. రోగి తరఫువాళ్లు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. ఇవ్వకపోతే దాస్తున్నారన్న అనుమానాన్ని మీరే వాళ్ల చేతికి ఇచ్చినట్టు. రేపే పేజీలకు నంబర్లు వేయించి, జిరాక్స్ తీయించి, లాయరు ద్వారా ఇచ్చి రసీదు తీసుకోండి. నంబర్లు జిరాక్స్ కాపీల మీదే వేయాలి, అసలు మీద కాదు. రికార్డు మూడేళ్లు ఉంచితే చాలని అదే నియమావళిలో ఉంది కానీ, నోటీసు వచ్చాక ఆ లెక్క మర్చిపోయి కేసు తేలేదాకా ఉంచాలి.

గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లు. మీ లెక్క ప్రకారం ఇంకా నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలలు గడిస్తే గండం గడిచినట్టేనని ఊరుకోవద్దు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించగలదు, మీరు రికార్డులు ఇవ్వకపోవడమే ఆ కారణం కావచ్చు. ఫిర్యాదు కాపీ మీకు అందాక మాత్రం గడువు మీ మెడ మీదే ఉంటుంది. జవాబుకు 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15. ఆ 45 దాటితే పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. ఇంత మంచి వాట్సాప్ రుజువు ఉండి కూడా 46వ రోజున జవాబు పట్టుకెళ్తే తీసుకోరు.

మీ ప్రశ్నలో లేకపోయినా, రేపు రాత్రి ఇంకొకరు ఇలాగే వెళ్లిపోతామంటే ఏం రాయాలో చెబుతాను. ఆనాటి సంగతే తీసుకుంటే నోటు ఇలా ఉండాల్సింది:

‘రాత్రి 11.30. రోగి స్పృహలో ఉన్నారు, అడిగినవాటికి సరిగ్గా జవాబు చెబుతున్నారు, మద్యం తాగిన ఆనవాళ్లు లేవు. ఈసీజీలో గుండెపోటు ఉందని రోగికి, బావమరిదికి తెలుగులో చెప్పాను. ఇప్పుడే చేరి, యాంజియో సౌకర్యం ఉన్న ఆస్పత్రికి వెళ్లాలని, ఇంటికెళ్తే ఈ రాత్రే ప్రాణం పోవచ్చని చెప్పాను. ఏం అర్థమైందని అడిగితే “గుండెపోటంట, ఇంటికెళ్తే చచ్చిపోవచ్చంట” అన్నారు. పొద్దున కూతురి పెళ్లిచూపులు ఉన్నాయి, అవయ్యాక వస్తామన్నారు. 11.50కు మళ్లీ చెప్పాను, ఒప్పుకోలేదు. మాత్రలు వేసుకోవడానికి ఒప్పుకున్నారు, ఇచ్చాం. 108 పిలుస్తామంటే వద్దన్నారు. నొప్పి పెరిగినా, చెమటలు పట్టినా వెంటనే రమ్మని నంబరు రాసిచ్చాం.’

దీని కింద రోగి సంతకం, సాక్షిగా బావమరిది సంతకం, మీది, నర్సుది. రాయడానికి ఐదు నిమిషాలు. ఇందులో రోగి తన నోటితో తిరిగి చెప్పిన మాట ఉంది చూశారా, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకున్నారన్న ఆరోపణకు అదే జవాబు. కూతురి పెళ్లిచూపుల సంగతి మీ ఊహకు అందేది కాదు, ఆయన చెబితేనే మీకు తెలుస్తుంది. చేరను అన్నాక కూడా ఒప్పుకున్నంత వైద్యం చేశారని మాత్రల వాక్యం చూపిస్తుంది. చేరనన్నంత మాత్రాన మీ బాధ్యత అక్కడితో తెగిపోదు. ఓపీ చీటీలో కూడా ‘గుండెపోటు, చేరడానికి ఒప్పుకోలేదు’ అని రాసి ఇవ్వాలి. ఇంట్లో భార్య చదివేది ఆ చీటీనే.

మీకు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ ఉందో లేదో రాయలేదు. ఉంటే నోటీసు కాపీతో ఈ రోజే ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి, ఆలస్యం చేశారని క్లెయిమ్ తోసిపుచ్చే అవకాశం వాళ్లకు ఇవ్వకండి. బావమరిదికి మాత్రం మీరుగానీ కాంపౌండరుగానీ ఫోన్ చేయవద్దు. అతను ఇప్పుడు అవతలి పక్షం సాక్షి.