ఏ ఇసుక కొనాలి, అందులో ఒండ్రు ఎంత ఉందో సైటులోనే ఎలా తేల్చుకోవాలి

ప్రశ్న: సూర్యాపేట దగ్గర జీ ప్లస్ వన్ ఇల్లు కడుతున్నాం. గోదావరి ఇసుక రేటు చాలా ఎక్కువ చెబుతున్నారు. రోబో ఇసుకతో స్లాబు వేస్తే పగుళ్లొస్తాయని మేస్త్రీ అంటున్నాడు. పక్క ఊళ్లో పొలాల్లో తవ్విన ఇసుక చవగ్గా ఉంది, అదే తెప్పిద్దామంటాడు. ఏది తీసుకోవాలి? మట్టి ఎక్కువుందో లేదో మేమే చూసుకునే మార్గం ఉందా?

జవాబు:

స్లాబుకీ పిల్లర్లకీ మంచి ప్లాంటులో కడిగి ఇచ్చే రోబో ఇసుక తీసుకోండి. రాయిని దంచి చేసే ఈ ఇసుకనే బిల్లులో ఎం శాండ్ అని రాస్తారు. గోదావరి ఇసుక ప్లాస్టరింగుకి సరిపడా తెప్పించుకుంటే చాలు. పొలాల్లో తవ్విన ఇసుక కింద చెప్పే సీసా పరీక్షలో నిలబడితే గోడల కట్టుబడికి వాడండి, నిలబడకపోతే బేస్‌మెంటు నింపడానికి పోతుంది. స్లాబులోకి మాత్రం రానివ్వకండి.

నేను నల్గొండ, ఖమ్మం వైపు ఇళ్ల పనులకు సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మీలాగే మూడు ఇసుకల మధ్య తేల్చుకోలేకపోయిన ఒక ఇంటివాళ్ల దగ్గర మూడింటినీ మూడు సీసాల్లో వేసి పక్కపక్కన పెట్టి చూశాం. అక్కడ తేలిన అంకెలతోనే మీకు చెబుతాను, ఎందుకంటే ఈ పరీక్షలో అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం.

ముందు పద్ధతి. అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పున్న గాజు సీసా కావాలి. మధ్యలో నొక్కులున్న నీళ్ల బాటిల్ అయితే కొలత తప్పుతుంది. అర లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎందుకంటే, బంకమట్టి రేణువులు మామూలు నీళ్లలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి, ఉప్పునీళ్లలో ఒకదానికొకటి అంటుకుని త్వరగా దిగుతాయి. ఆ నీళ్లు సీసాలో పావు వంతు పోసి, ఇసుక సగం దాకా వచ్చేలా వేసి, మళ్లీ ముప్పావు వంతు దాకా నీళ్లు పోయండి. మూత బిగించి గట్టిగా ఊపండి. ఆఖర్న నాలుగుసార్లు మెల్లగా తట్టి ఇసుక పైభాగం సమంగా అయ్యాక, కదలని చోట మూడు గంటలు వదిలేయండి.

అప్పటికి కింద ఇసుక, దాని మీద మెత్తటి పొర వేరువేరుగా కనిపిస్తాయి. స్కేలుతో రెండూ కొలవండి. పై పొర మందాన్ని ఇసుక ఎత్తుతో భాగించి వందతో గుణిస్తే ఒండ్రు శాతం. సహజంగా దొరికే ఇసుకకు ఈ లెక్క 8 శాతం దాటితే తిప్పి పంపాలి. కేంద్ర ప్రభుత్వ నిర్మాణాల శాఖ సీపీడబ్ల్యూడీ పనుల్లో సైటు మీద చూసే హద్దు ఇదే. ఐఎస్ 383 ప్రమాణంలో నది ఇసుకకు 75 మైక్రాన్ల కన్నా సన్నటి పదార్థం బరువులో 3 శాతమే ఉండాలని రాసి ఉంటుంది. అది చూసి కంగారు పడకండి. సీసాలో దిగిన ఒండ్రు నీళ్లు పట్టుకుని ఉబ్బి ఉంటుంది కాబట్టి బరువు లెక్క కన్నా పరిమాణం లెక్క ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది.

ఆ ఇంటి దగ్గర గోదావరి ఇసుక సీసాలో ఇసుక 118 మిల్లీమీటర్లు, పై పొర 4 మిల్లీమీటర్లు. అంటే మూడున్నర శాతం లోపు. నిశ్చింతగా వాడొచ్చు. పొలం ఇసుకలో 104 మీద 14, అంటే పదమూడున్నర శాతం దాకా. రోబో ఇసుకలో 108 మీద 13, అంటే 12 శాతం. ఇంటాయన రెండూ పనికిరావన్నాడు. అక్కడి మేస్త్రీ కూడా రోబో ఇసుక సీసా చూపించి, "చూశారా, ఇందులోనూ అంతే మన్నుంది" అన్నాడు. అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నా ఆ రెండు పొరలూ ఒకటి కావు.

పొలం ఇసుక మీద పేరుకున్నది బంకమట్టి, ఒండ్రు. రోబో ఇసుక మీద పేరుకున్నది రాయిని దంచినప్పుడు పుట్టిన రాతిపొడి. బంకమట్టి ఇసుక గింజకు పూతలా పట్టుకుంటుంది, సిమెంటు గింజను అంటుకోనివ్వదు. పైగా నీళ్లు బాగా తాగుతుంది కాబట్టి కలిపేవాడు ఇంకో మగ్గు నీళ్లు పోస్తాడు. ఆ నీళ్లు ఆరిపోయాక కాంక్రీటు ముడుచుకుని పగులుతుంది, బలం తగ్గుతుంది. రాతిపొడి అలా ఉబ్బదు, మితంగా ఉంటే గింజల మధ్య సందుల్ని నింపి మాలుకు కాస్త జిగురు కూడా ఇస్తుంది. అందుకే ఐఎస్ 383 దంచిన ఇసుకకు ఆ సన్నపొడి 15 శాతం దాకా ఒప్పుకుంది. నది ఇసుక హద్దు పెట్టి రోబో ఇసుకను తిప్పి పంపడం ఎంత తప్పో, రోబో ఇసుకకు ఇచ్చిన వెసులుబాటు పొలం ఇసుకకు ఇవ్వడం అంతకన్నా పెద్ద తప్పు.

పై పొర ఏదో ఎలా కనిపెట్టాలి? పైనున్న నీళ్లు మెల్లగా వంపేసి, ఆ పొరను చెంచాతో తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య రుద్దండి. బంకమట్టి అయితే సబ్బులా జారుతుంది, వేళ్లు విడదీస్తే అంటుకుని వస్తుంది, కడిగాక కూడా గోళ్ల సందుల్లో రంగు మిగులుతుంది. రాతిపొడి ఎంత మెత్తగా ఉన్నా సన్నగా గరుగ్గా తగులుతుంది, నీళ్లు పోస్తే చేయి శుభ్రం. ఇంకా ఖాయంగా తెలియాలంటే ఆ పొరనే పళ్లెంలో పలచగా పరిచి ఒక పూట ఎండలో పెట్టండి. బంకమట్టి చెరువు ఎండినట్టు నెర్రెలిచ్చి, పెంకులుగా అంచులు పైకి లేస్తుంది. రాతిపొడి వేలు పెడితే పొడిపొడిగా రాలిపోతుంది. ఆ రోజు మేం చూసిన పొలం ఇసుక పొర ఎర్రటి పెంకులై చేతిలోకి వచ్చింది. రోబో ఇసుక పొర బూడిద రంగు పొడిగా ఊదితే ఎగిరింది. ఆ తర్వాత అక్కడి మేస్త్రీ కూడా వాదించలేదు.

అలాగని రోబో ఇసుక పేరుతో వచ్చే ప్రతిదీ మంచిది కాదు. సీసాలో బూడిద రంగు పొర మీద గోధుమ రంగులో ఇంకో పలుచటి జిడ్డు పొర కనిపిస్తే, క్వారీలో పైనుండే మట్టిని పూర్తిగా తీయకుండానే రాయి దంచారని అర్థం. ఆ లోడు వద్దు. క్రషర్ దగ్గర మిగిలే డస్టును రోబో ఇసుక అని అమ్మడం ఇంకో బెడద. డస్టులో గింజలు పలుచగా, పెచ్చుల్లా ఉంటాయి, పొడి మితిమీరి ఉంటుంది. వీఎస్‌ఐ యంత్రంలో తయారైన ఇసుకలో గింజ దాదాపు చదరంగా, అన్ని వైపులా ఒకే కొలతలో ఉంటుంది. గుప్పెడు కడిగి తెల్ల కాగితం మీద ఆరబోసి చూడండి, తేడా కంటికే కనిపిస్తుంది. ప్లాంటు వాళ్లను వీఎస్‌ఐ ఉందా, కడుగుతారా అని అడిగి, జల్లెడ పరీక్ష రిపోర్టు తీసుకోండి. అందులో గింజల సైజును బట్టి ఇచ్చే వర్గం జోన్ 2 అని ఉంటే స్లాబుకు అన్ని విధాలా అనువు.

మీ మేస్త్రీ చెప్పిన పగుళ్ల మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. రోబో ఇసుక గింజకు కోణాలుంటాయి కాబట్టి మాలు కాస్త మొండిగా అనిపిస్తుంది, పార పట్టినవాళ్లు నీళ్లు ఎక్కువ పోసేస్తారు. పగుళ్లు అక్కడ పుడతాయి. మిక్సర్ దగ్గర నీళ్ల కొలత ఒకరికి అప్పజెప్పండి. పని సాగడం లేదంటే, నీళ్లు పెంచకుండానే మాలును జారుగా చేసే ప్లాస్టిసైజర్‌ను డబ్బా మీద రాసిన మోతాదులో కలపండి, మగ్గు మీద మగ్గు పోయనివ్వకండి. సాయంత్రానికే స్లాబు తడపడం మొదలయ్యేలా చూసుకోండి.

పొలం ఇసుకను కడిగి వాడదామని మీ మేస్త్రీ అనొచ్చు. గోడల కట్టుబడికి కావలసినంత మేర తొట్టిలో కడిగించుకోవచ్చు, కడిగాక మళ్లీ సీసా పరీక్ష చేయండి. స్లాబుకు పట్టే ఇసుక మొత్తాన్ని సైటులో కడగడం మాత్రం జరిగే పని కాదు. నీళ్లు చాలవు, పైన కడిగింది కింద కడగనిదానితో కలిసిపోతుంది. ఇంకో మాట, పదమూడు శాతం ఒండ్రు ఉన్న ట్రాక్టర్ లోడు కొంటే ఆ మేరకు మట్టికే డబ్బు కట్టినట్టు. కూలీ కూడా లెక్కేస్తే ఆ చవక పెద్దగా మిగలదు. హైదరాబాద్ చుట్టుపక్కల మట్టిని కడిగి అమ్మే ఫిల్టర్ ఇసుక కూడా ఇదే కోవలోకి వస్తుంది. చూడటానికి నది ఇసుకలాగే ఉంటుంది, సీసాలో వేస్తే బయటపడుతుంది.

ఎక్కడి నుంచి నమూనా తీశారన్నది పరీక్ష అంత ముఖ్యం. వాన పడ్డ కుప్ప పైభాగం కడుక్కుపోయి శుభ్రంగా మెరుస్తూ ఉంటుంది, మట్టంతా లోపలికీ అడుగుకీ దిగి ఉంటుంది. అందుకే పైనున్న గుప్పెడు తీసుకోకుండా, జానెడు లోతు తవ్వి నాలుగైదు చోట్ల నుంచి తీసి కలిపి, అందులోంచి సీసాకు తీసుకోండి. ట్రాక్టర్ అన్‌లోడ్ చేయకముందే చేతి పరీక్ష కూడా చేసేయండి. కొంచెం తేమగా ఉన్న ఇసుకను పిడికిట్లో గట్టిగా నొక్కి వదలండి. వదిలాక ముద్ద అలాగే నిలబడి, అరచేతిలో మట్టి మరక మిగిలితే సీసా పరీక్ష అయ్యేదాకా దించనివ్వకండి. సన్నటి ఇసుక శుభ్రంగా ఉన్నా కాసేపు ముద్దగా నిలుస్తుంది, కాబట్టి మరక చూడండి, ముద్ద ఒక్కటే చూసి తేల్చేయకండి.

గోదావరి ఇసుక ప్లాస్టరింగుకి తెప్పించేటప్పుడు తేమ సంగతి చూసుకోండి. తడి ఇసుక ఉబ్బుతుంది, ట్రాక్టర్ నిండుగా కనిపిస్తుంది. అదే సీసాలో తడి ఇసుకను వదులుగా పోసి ఎత్తు కొలవండి, తర్వాత నీళ్లు నిండా పోసి కలియబెట్టి మళ్లీ కొలవండి. 200 మిల్లీమీటర్లు ఉన్నది 160కి దిగిందంటే 25 శాతం ఉబ్బు ఉన్నట్టు. ఘనపు అడుగుల లెక్కన కొంటుంటే ఈ అంకె చూపించి బేరమాడండి. మేస్త్రీ తట్టల లెక్కన మాలు కలుపుతుంటే ఆ మేరకు ఇసుక తట్టలు పెంచమనండి, లేకపోతే సిమెంటు అనవసరంగా ఎక్కువ పడి ప్లాస్టరింగు మీద సన్న పగుళ్లొస్తాయి.

వచ్చిన ప్రతి లోడుకీ సీసా పెట్టండి, మొదటి లోడు బాగుందని ఆపేయకండి. సీసా మీద తేదీ, బండి నంబరు రాసి, పొరలు కనిపించేలా ఫోటో తీసుకుని ఉంచితే, సరుకు తిప్పి పంపే రోజున అమ్మినవాళ్లతో మాట్లాడటం తేలికవుతుంది.