ఏటికొప్పాక బొమ్మలు, పసుపు, కారం కొద్దిగా విదేశాలకి పంపాలంటే మొదట ఏం చేయాలి?

ప్రశ్న: "మాది అనకాపల్లి దగ్గర. లక్కబొమ్మలు, ఇంటి దగ్గర పట్టించిన పసుపు, కారం చిన్న మొత్తంలో ఎక్స్‌పోర్ట్ చేయాలనుంది. కంటైనర్లు నింపేంత డబ్బు లేదు. కొనేవాళ్ళు ఎలా దొరుకుతారు, ఎలా పంపాలి, ఏ కాగితాలు కావాలి? తెలిసినవాళ్ళు చెప్పండి."

జవాబు:

రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి అండి, ముందు బొమ్మలు పంపండి. పసుపు, కారం అంటే తిండి వస్తువు కదా, దానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ సెంట్రల్ లైసెన్సు కావాలి, స్పైసెస్ బోర్డు దగ్గర ఎగుమతిదారుగా రిజిస్ట్రేషన్ కావాలి, మళ్ళీ కారంలో అఫ్లాటాక్సిన్ ఉందా, సూడాన్ రంగు కలిసిందా అని ల్యాబు రిపోర్టు అడుగుతారు. అఫ్లాటాక్సిన్ అంటే మిర్చి సరిగ్గా ఆరకపోతే పట్టే బూజు నుంచి వచ్చే విషం, అది కంటికి కనపడదు, రుచికి తెలీదు. కళ్ళంలో మిర్చి ఎలా ఎండబెట్టారో మీ చేతిలో లేనప్పుడు ప్రతి బ్యాచ్‌కీ టెస్టు చేయించాల్సిందే, ఇరవై కిలోల కారానికి ఆ ఖర్చు గిట్టదు.

నేనూ, మా ఆవిడా కలిసి చేసేది లక్కబొమ్మలే, ఎక్కువగా ఆస్ట్రేలియాకి పంపుతాం, కాబట్టి అదే చెప్తాను.

కొనేవాళ్ళ సంగతి. పెద్ద వెబ్‌సైట్లలో "బయ్యర్ కావాలి" అని పెడితే వచ్చేవాళ్ళలో సగం మంది ఫ్రీ శాంపిల్ అడిగేవాళ్ళే. మాకు పనిచేసింది బొమ్మల కొలువు. దసరాకి, సంక్రాంతికి కొలువు పెట్టే తెలుగువాళ్ళు, తమిళులు మెల్‌బోర్న్, సిడ్నీల్లో బాగానే ఉన్నారు, వాళ్ళు వెళ్ళే ఇండియన్ షాపులు, పూజాసామాన్ల షాపులు, తెలుగు సంఘాల స్టాళ్ళు నడిపేవాళ్ళు, వీళ్ళే మన అసలు బయ్యర్లు. లక్కపిడతలు, దశావతారాలు, పెళ్ళి మేళం సెట్టు ఇలా ఫోటోలు తీసి, ఒక్కోదాని ఎత్తు సెంటీమీటర్లలో, బరువు గ్రాముల్లో రాసి వాట్సాప్‌లో పంపండి. దసరా సరుకు కావాలంటే జూన్ కల్లా మాట్లాడేయాలి, ఆగస్టులో అడిగితే వాళ్ళు అప్పటికే కొనేసుంటారు. శాంపిల్‌కి డబ్బు తీసుకోండి, ఆర్డర్ వస్తే బిల్లులో తగ్గిస్తామని చెప్పండి, నిజంగా కొనేవాళ్ళు దానికి అభ్యంతరం చెప్పరు.

ఇప్పుడు చెక్క సంగతి, దీన్ని ఎవరూ చెప్పరు కానీ ఆస్ట్రేలియాకి ఇదే ముఖ్యం. వాళ్ళ క్వారంటైన్ వాళ్ళు చెక్క వస్తువులో పురుగు, బెరడు, మట్టి ఏది కనపడినా ఆపేస్తారు, తర్వాత మందు పెట్టించడమో, వెనక్కి పంపడమో, నాశనం చేయడమో, ఆ ఖర్చంతా మన బయ్యర్ మీద పడుతుంది. మన బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు కదా, కర్ర బాగా ఆరకముందే లేతు మీద తిప్పి బొమ్మ చేస్తే లోపల పురుగు మిగిలిపోయే ప్రమాదం ఉంది. చూసే పద్ధతి సులువే, బొమ్మల్ని నల్ల కాగితం మీద పెట్టి వారం పది రోజులు కదపకుండా వదిలేయండి, కింద సన్నటి తెల్లపొడి రాలితే ఆ బొమ్మలో పురుగున్నట్టే, తీసేయండి. లక్క పూయని అడుగుభాగంలో గుండుసూది అంత కన్నాలున్నాయేమో కూడా చూడండి.

ప్యాకింగ్‌లో వరిగడ్డి అస్సలు వద్దు. ఇక్కడ అలవాటే కానీ అక్కడ గడ్డి కనపడితే పెట్టె ఆగిపోతుంది, పాత పళ్ళ అట్టపెట్టెలు, గుడ్ల ట్రేలు కూడా పనికిరావు. కొత్త అట్టపెట్టె, కాగితం వాడండి. ఇంకోటి, లక్క ఎండకి మెత్తబడుతుంది, బబుల్ రేపర్ నేరుగా చుడితే ఆ బుడగల అచ్చు బొమ్మ మీద పడిపోతుంది, కాబట్టి ముందు బటర్ పేపర్ చుట్టి దాని మీద బబుల్ చుట్టాలి, రెండు బొమ్మలు ఒకదానికొకటి తగలకూడదు.

మొదటి సరుకు లెక్క ఉదాహరణకి ఇలా వేసుకోండి. 50 బొమ్మలు, సరుకు 12,000, ప్యాకింగ్ 1,000, పెట్టెతో కలిపి బరువు 6 కిలోలు. పెట్టె కొలతలు 45, 35, 30 సెంటీమీటర్లు అనుకుందాం. ప్రైవేట్ కొరియర్ వాళ్ళు ఈ మూడూ గుణించి 5000తో భాగిస్తారు, 9.45 వస్తుంది, అంటే 6 కిలోల పెట్టెకి తొమ్మిదిన్నర కిలోల డబ్బు. బొమ్మలు తేలిక, చోటు ఎక్కువ, కాబట్టి ఈ దెబ్బ మనకే ఎక్కువ తగులుతుంది. లక్కపిడతల్లో చిన్నవి పెద్దవాటిలో సర్దితే పెట్టె బాగా తగ్గుతుంది. పోస్టులో మా దగ్గర అసలు బరువుకే తీసుకున్నారు, అందుకే మేము స్పీడ్‌పోస్టులోనే పంపుతాం. పోస్టేజి 6,000 అనుకుంటే మొత్తం 19,000, బొమ్మకి 380 పడుతుంది, దానిపైన మీ లాభం. ఆ రేటుకి తీసుకుని బయ్యర్‌కి మిగులుతుందో లేదో ముందే అడగండి, మిగలకపోతే రెండో ఆర్డర్ రాదు.

సరుకు విలువ వెయ్యి ఆస్ట్రేలియన్ డాలర్ల లోపు ఉంటే అక్కడ కస్టమ్స్ డ్యూటీ లేదు, పూర్తి దిగుమతి డిక్లరేషన్ కూడా అక్కర్లేదు, మొదటి పెట్టెలు ఆ లోపే ఉంచండి. అలాగని క్వారంటైన్ తనిఖీ తప్పదు. అమెరికా అయితే లెక్క వేరు, 800 డాలర్ల లోపు మినహాయింపుని 2025 ఆగస్టులో ఎత్తేశారు, అక్కడికి పంపేముందు ఆ రోజు డ్యూటీ ఎంతో కనుక్కోవాలి.

కాగితాలు నిజానికి భయపడేంత లేవు. ఒక కరెంట్ అకౌంట్, జీఎస్టీ నంబరు, ఆ తర్వాత dgft.gov.in లో ఐఈసీ, అంటే ఎగుమతి చేసేవాళ్ళకి ఇచ్చే ఇంపోర్టర్ ఎక్స్‌పోర్టర్ కోడ్. ఫీజు 500, మీ పాన్ నంబరే ఐఈసీ నంబరవుతుంది, ఏజెంటు అక్కర్లేదు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ మధ్య అందులోకెళ్ళి వివరాలు సరిగ్గానే ఉన్నాయని కన్ఫర్మ్ చేయాలి, లేకపోతే డీయాక్టివేట్ అవుతుంది. జీఎస్టీ కట్టకుండా పంపడానికి జీఎస్టీ పోర్టల్‌లో RFD-11 ఫారం, దాన్నే ఎల్‌యూటీ అంటారు, ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా వేయాలి. విదేశీ డబ్బు లావాదేవీలకి మీ బ్యాంకు శాఖకి ఉండే నంబరుని ఏడీ కోడ్ అంటారు, దాని లెటర్ బ్యాంకులో అడిగి తీసుకోండి.

పోస్టులో పంపడానికి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం అని ఉంటుంది, అందులో రిజిస్టర్ అయితే పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ ఆన్‌లైన్‌లోనే నింపొచ్చు, కస్టమ్స్ తనిఖీ ఫారిన్ పోస్టాఫీసులో వాళ్ళే చేసుకుంటారు, మనం వెళ్ళక్కర్లేదు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు జత చేయాలి. సరుకు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే నంబరు హెచ్‌ఎస్ కోడ్, కొలువు బొమ్మ, అలంకరణకి అయితే అది 4420, పిల్లలు ఆడుకునేదైతే 9503. ఇందులో నిజమే రాయండి, ఎందుకంటే ఆటబొమ్మ అంటే అక్కడి భద్రతా నిబంధనలు వర్తిస్తాయి, మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మలైతే చిన్న ముక్క ఊడకూడదు. కర్ర పేరు కూడా అడగొచ్చు, అంకుడు శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియా, ఇన్‌వాయిస్‌లోనే రాసేయండి. "గిఫ్ట్" అని రాసి పంపమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వినొద్దు, అలా పంపింది మీ ఎగుమతి లెక్కలోకి రాదు, వచ్చిన డబ్బుకి బ్యాంకులో చూపించడానికి కాగితమే ఉండదు.

డబ్బు మొదటి రెండు మూడు ఆర్డర్లకి పూర్తిగా అడ్వాన్సే తీసుకోండి, చిన్న మొత్తాలకి బయ్యర్లు ఒప్పుకుంటారు. కరెంట్ అకౌంట్‌కే వేయించండి, బ్యాంకు పర్పస్ కోడ్ అడుగుతుంది, సరుకు ఎగుమతి అడ్వాన్సుకి P0103. డబ్బు పడ్డాక బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ అడ్వైజ్, పోస్టల్ బిల్లు కాపీ ఒకే ఫైల్‌లో పెట్టి, డీజీఎఫ్‌టీ సైట్‌లో ఈ-బీఆర్‌సీ, అంటే ఎగుమతి డబ్బు బ్యాంకులో పడిందనే సర్టిఫికెట్, మీరే తీసుకోండి. జీఎస్టీ వాళ్ళు ఎప్పుడైనా అడిగితే ఎల్‌యూటీ మీద పంపిన సరుకుకి డబ్బు వచ్చిందని చూపించేది అదే.