స్కూల్ అడ్మిషన్ల పాంప్లెట్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: మాది చిన్న ప్రైవేట్ స్కూల్, అడ్మిషన్ల పాంప్లెట్‌లో గొప్పలు లేకుండా ఫెసిలిటీస్ ఎలా రాయాలండీ?

"అత్యాధునిక", "నెంబర్ వన్" లాంటివి తీసేసి, పేరెంట్ స్కూల్‌కి వచ్చి చూస్తే కనపడేవే రాయండి. ఉదాహరణకి "అత్యాధునిక కంప్యూటర్ ల్యాబ్" అనే బదులు "20 కంప్యూటర్లు, 6వ తరగతి నుంచి వారానికి రెండు పీరియడ్లు" అనండి, క్లాసులో 40 మంది ఉంటే ఇద్దరికి ఒక సిస్టమ్ అని వాళ్లే లెక్కేసుకుంటారు, అదేం తప్పు కాదు. ల్యాబ్ ఇంకా కడుతుంటే మాత్రం "జూన్‌కి రెడీ" అని రాయకండి, అవ్వకపోతే ఫీజు కట్టినవాళ్లు గేటు దగ్గరే అడుగుతారు.

బస్సు ఉంటే ఏ ఊళ్ల మీదుగా వెళ్తుందో రాయండి, ఛార్జీ ఫీజులో కలిసిందా విడిగానా అన్నది కూడా, ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. ఆటస్థలం మీది కాకుండా పక్కన అద్దెకి తీసుకున్నదైతే అదే చెప్పండి.

అన్నిటికన్నా జాగ్రత్త సీబీఎస్‌ఈ మాటతో. అఫిలియేషన్ లేకుండా "సీబీఎస్‌ఈ ప్యాటర్న్" అని పెద్దక్షరాల్లో వేస్తే గుర్తింపు ఉందనే అనుకుంటారు, పదో తరగతి పరీక్షేమో స్టేట్ బోర్డుది. గుర్తింపు ఎన్ని తరగతుల వరకో, 11 అంకెల యూడైస్ కోడ్ ఏంటో పాంప్లెట్ అడుగున చిన్నగా వేయండి. ఫొటోలు మీ స్కూల్‌వే పెట్టండి, నెట్‌లోవి ఇట్టే తెలిసిపోతాయి.