రెపో ఒకటింబావు తగ్గితే మా వడ్డీ ముప్పావే తగ్గిందేం?

ప్రశ్న: తాడిపత్రిలో మాకు బండల పాలిష్ మిల్లు ఉంది. 2023 ఆగస్టులో బ్యాంకు 40 లక్షల టర్మ్ లోను, సరుకు కొనుక్కోవడానికి 15 లక్షల క్యాష్ క్రెడిట్, అదే సీసీ, ఇచ్చింది. టర్మ్ లోను ఏడేళ్లది, అప్పుడు వడ్డీ 9.75. రెపో ఇంత తగ్గినా ఈ జనవరి స్టేట్‌మెంటులో 9 దగ్గరే ఆగింది. అడిగితే ‘షరతులు తప్పారు, అందుకే అర్ధ శాతం పెంచాం’ అన్నారు. ఆగస్టు నెలాఖరు తర్వాత, యార్డులో సరుకెంత ఉందో చూపే స్టాక్ స్టేట్‌మెంట్లు ఇవ్వని మాట నిజమే. బావమరిది పెట్టిన 6 లక్షలు కూడా సీసీ నుంచి తీసి తిరిగిచ్చేశాను. వాయిదాలు మాత్రం ఒక్కటీ తప్పలేదు. ఇంకా 29 లక్షలు కట్టాలి. వేరే బ్యాంకు 8.50కి ఇస్తామంటోంది, మా బ్యాంకేమో మారితే 2 శాతం పెనాల్టీ అంటోంది. అగ్రిమెంటంతా ఇంగ్లీషే. ఏం చేయమంటారు?

జవాబు: బ్యాంకు మారే సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ వారంలోనే సెప్టెంబరు నుంచి ఇప్పటిదాకా రావలసిన స్టాక్ స్టేట్‌మెంట్లన్నీ ఇచ్చి, నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. మీ దగ్గర ఎక్కువ రోజులు లేవు.

సీసీలో మీరు ఎంత వాడుకోవచ్చన్నది 15 లక్షల లిమిట్ ఒక్కటే తేల్చదు, యార్డులో ఉన్న సరుకు కూడా తేలుస్తుంది. 20 లక్షల బండలు ఉండి, అందులో 3 లక్షలు క్వారీ వాళ్లకు బాకీ ఉంటే, డబ్బు కట్టిన సరుకు 17 లక్షలు. దానిలో మీ వాటాగా ఉంచాల్సిన 25 శాతం మార్జిన్ తీసేస్తే 12 లక్షల 75 వేలు. దీన్నే డ్రాయింగ్ పవర్ అంటారు. ఈ లెక్క మూడు నెలలకంటే పాత స్టేట్‌మెంటు మీద నిలబడితే, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం సీసీలో మీ వాడకం సక్రమం కాదు. ఆ స్థితి వరసగా 90 రోజులు సాగితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. మీ చివరి స్టేట్‌మెంటు ఆగస్టు 31 నాటిది. మూడు నెలలు నవంబరు నెలాఖరుతో అయిపోయాయి, 90 రోజులు ఫిబ్రవరి నెలాఖరుకు నిండుతాయి. ఎన్‌పీఏ ముద్ర అప్పు మీద కాదు, అప్పు తీసుకున్న మనిషి మీద పడుతుంది. కాబట్టి వాయిదా ఒక్కటీ తప్పని టర్మ్ లోను కూడా సీసీతోపాటే అందులోకి పోతుంది. అప్పుడు 8.50కి ఇస్తామన్న బ్యాంకు కూడా వెనక్కి తగ్గుతుంది. ‘వాయిదా కడుతున్నాం కదా, ఈ కాగితాలదేముంది’ అనుకోవడం వల్లే మిల్లుల వాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు.

ఇక వడ్డీ. మీ అగ్రిమెంటు వెనక ఉన్న షెడ్యూలులో గానీ సాంక్షన్ లెటర్‌లో గానీ ఫ్లోటింగ్ రేటు, అంటే మారుతూ ఉండే వడ్డీ రేటు, లెక్క ఉంటుంది. చిన్న పరిశ్రమలకు బ్యాంకులు 2019 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ఫ్లోటింగ్ రేటు అప్పులు, రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటైన రెపో లాంటి బయటి కొలమానానికి కట్టి ఉండాలి, కనీసం మూడు నెలలకోసారి సరిచేయాలి. 2023 ఆగస్టులో రెపో 6.50. మీకు 9.75 పడిందంటే దానిమీద కలిపిన స్ప్రెడ్ 3.25. రెపో 2025 ఫిబ్రవరిలో 6.25, ఏప్రిల్‌లో 6.00, జూన్‌లో 5.50, డిసెంబరులో 5.25 అయింది. 5.25కు 3.25 కలిపితే 8.50. డిసెంబరు తగ్గింపు మీ రేటు సరిచేసే రీసెట్ తేదీకి ఖాతాలోకి రావాలి కాబట్టి ఆ తేదీ ఏదో షెడ్యూలులో చూడండి. పత్రంలో రెపో అని కాకుండా ఆర్‌ఎల్‌ఎల్‌ఆర్ అని ఉంటే కంగారుపడకండి. అది బ్యాంకు రెపోకు తన మార్జిన్ కొంత ముందే కలిపి పెట్టిన రేటు, కదలిక మాత్రం రెపోతోనే.

మీకు తేడా వచ్చిన ఆ అర్ధ శాతం స్ప్రెడ్‌లో ఉంది. స్ప్రెడ్ రెండు ముక్కలు. ఒకటి బ్యాంకు ఖర్చులకు సంబంధించినది, మూడేళ్లకు ఒకసారి తప్ప దాన్ని పెంచకూడదు. రెండోది మీ మీద నమ్మకానికి కట్టిన ధర, రిస్క్ ప్రీమియం. మీ పరపతి అంచనా, అంటే రేటింగ్, గణనీయంగా మారినప్పుడే, అదీ అగ్రిమెంటులో ఒప్పుకున్న పద్ధతిలోనే, దాన్ని మార్చాలి.

‘షరతులు తప్పారు, అందుకే పెంచాం’ అన్న మాటను ఇక్కడ పట్టుకోవాలి. షరతు తప్పినందుకు వేసే శిక్షను వడ్డీ రేటులో కలపకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఆదేశమిచ్చింది. పాత అప్పులకు కూడా అది 2024 జూన్ 30 లోపు అమలు కావాలి. శిక్ష వేయాలంటే పీనల్ ఛార్జీ అని విడిగా చూపాలి, దాన్ని అసలులో కలపకూడదు, దానిమీద మళ్లీ వడ్డీ లాగకూడదు. కాబట్టి ఆ అర్ధ శాతానికి కారణం స్టాక్ స్టేట్‌మెంట్లే అయితే బ్యాంకు చేసింది తప్పు. కారణం మీ రేటింగ్ పడిపోవడమైతే అది వేరే సంగతి, దానికి రేటింగ్ చేసిన తేదీ, కాగితం ఉండాలి. ఈ రెండింటిలో ఏదో బ్యాంకు చేత రాయించుకోవడమే మీ పని.

రేటింగే కారణమంటే బావమరిది 6 లక్షల దగ్గరికి రావాల్సిందే. కోవెనెంట్లంటే అప్పు తీరేదాకా మీరు చేస్తామని, చేయమని ఇచ్చిన మాటలు. వాటిలో బంధువులు పెట్టిన డబ్బు గురించిన వాక్యం ఒకటి దాదాపు ప్రతి సాంక్షన్ లెటర్‌లో ఉంటుంది: బ్యాంకు అనుమతి లేకుండా ఆ డబ్బు వెనక్కి ఇవ్వకూడదని. మన దృష్టిలో అది చేబదులు, తీర్చడం మర్యాద. బ్యాంకు దృష్టిలో అది మీ పెట్టుబడిలో భాగం.

లెక్క వేస్తే తేలిపోతుంది. మీ సొంత పెట్టుబడి 14 లక్షలు, బావమరిదివి 6, వెరసి 20 అనుకుందాం. బయటి బాకీలు టర్మ్ లోను 29, సీసీలో వాడింది 9, సరుకు బాకీలు 5, మొత్తం 43 లక్షలు. 43ను 20తో భాగిస్తే 2.15. ఇప్పుడు సీసీ నుంచి 6 లక్షలు తీసి ఆయనకిచ్చారు. పెట్టుబడి 14కు పడింది, బాకీలు 49కి ఎక్కాయి, నిష్పత్తి 3.5 అయింది. అగ్రిమెంటులో 3 దాటకూడదని ఉంటే గీత దాటినట్టే. ఒక్క చెక్కుతో రెండు వైపులా చెడింది. పైగా సరుకు కొనడానికిచ్చిన సీసీని వేరే పనికి వాడారన్న మాట కూడా పడుతుంది. ఆయన 6 లక్షలూ తిరిగి పెట్టగలిగితే మంచిదే. కుదరకపోతే ఎంత తేగలరో, మిగతాది ఎన్ని నెలల్లో లాభం నుంచి పూడుస్తారో రాసి, అప్పటిదాకా మినహాయింపు కోరండి. నోటిమాటగా మేనేజరు సరేనంటే చాలదు, ఆయన బదిలీ అయిన రోజున ఆ మాట కూడా బదిలీ అయిపోతుంది.

పెనాల్టీ సంగతి. చిన్న పరిశ్రమల ఫ్లోటింగ్ అప్పులకు వాణిజ్య బ్యాంకులు ముందస్తు చెల్లింపు ఛార్జీ వేయకూడదన్న రిజర్వు బ్యాంకు ఆదేశం వచ్చింది గానీ, అది 2026 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మంజూరైన లేదా రెన్యువల్ అయిన అప్పులకే వర్తిస్తుంది. మీ టర్మ్ లోను 2023 నాటిది, దానికి రెన్యువల్ ఉండదు. కాబట్టి అగ్రిమెంటులో 2 శాతం అని ఉంటే అది చెల్లుతుంది. ఇంటి అప్పు తీసుకున్న పక్కింటాయనకు పెనాల్టీ పడలేదంటే, వ్యాపారానికి కాకుండా వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ అప్పులకు ఆ రక్షణ ఎప్పటినుంచో ఉంది, అంతే. అయినా ఆ వాక్యాన్ని పూర్తిగా చదివించుకోండి. చాలా పత్రాల్లో వేరే బ్యాంకు టేకోవర్ చేస్తేనే ఛార్జీ, సొంత డబ్బుతో కడితే లేదు అని ఉంటుంది.

29 లక్షలకు 2 శాతం 58,000. దానిమీద 18 శాతం జీఎస్‌టీ 10,440. వెరసి 68,440 రూపాయలు. మిగిలిన 55 నెలలకు 9 శాతం మీద వాయిదా సుమారు 64,540, అదే 8.50 మీద 63,850. నెలకు 690 చొప్పున చివరిదాకా మిగిలేది 38,000 చిల్లర. కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, తనఖా ఖర్చులు కలపకముందే 30 వేలు నష్టం. పావు శాతం ఇంకా తగ్గించి 8.25 ఇచ్చినా ఈ గుంత పూడదు. ఉన్నచోటే ఆ అర్ధ శాతం తీయించుకుంటే అదే 38,000 ఖర్చు లేకుండా మిగులుతుంది.

అందుకని ఒక ఉత్తరం రాయండి, తెలుగులోనైనా సరే. నాలుగు మాటలు చాలు: నా ఖాతాకు 2023 ఆగస్టు నుంచి ప్రతి రీసెట్ తేదీన రెపో ఎంత, స్ప్రెడ్ ఎంత వేశారో ఇవ్వండి, స్ప్రెడ్ పెంచిన తేదీ, కారణం తెలపండి, కారణం రేటింగైతే అది చేసిన తేదీ, అగ్రిమెంటులో ఏ క్లాజు కింద పెంచారో చెప్పండి, కారణం షరతు ఉల్లంఘనైతే రేటులో కలిపినది తీసేసి, ఎక్కువ పట్టిన వడ్డీ జమ చేయండి. స్టేట్‌మెంట్లు ఇచ్చిన రసీదు నకలు దీనికి జతచేయండి, అవి లేకుండా ఈ ఉత్తరానికి బలం లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, రుసుము లేదు. అక్కడ ‘నా రేటింగ్ తక్కువ వేశారు’ అని రాయకండి. అది బ్యాంకు వ్యాపార నిర్ణయమని పక్కన పెట్టేస్తారు. ‘శిక్షను వడ్డీ రేటులో కలిపారు’ అని రాయండి, అది ఆదేశ ఉల్లంఘన.

ఈ ఆగస్టులో సీసీ రెన్యువల్‌కు వెళ్లేటప్పుడు ఉద్యమ్ సర్టిఫికెట్ ఫైలులో ఉందో లేదో చూసుకోండి, చిన్న పరిశ్రమకు ఉన్న రక్షణలు అడగడానికి అదే ఆధారం. అప్పటి నుంచి సీసీకి కొత్త ఆదేశం వర్తిస్తుంది కాబట్టి పెనాల్టీ క్లాజు పాత నమూనాలో అలాగే ఉంటే సంతకానికి ముందే తీసేయమనండి. ఎప్పుడైనా కొత్త టర్మ్ లోను తీసుకుంటే, 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకు విధిగా ఇవ్వాల్సిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటును తెలుగులో అడగండి. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్నది ఆ ఆదేశంలోనే ఉంది, అందులో చూపని ఛార్జీని మీ అంగీకారం లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. అప్పిచ్చేది గ్రామీణ బ్యాంకైతే ఒక్క తేడా గుర్తుంచుకోండి: చిన్న పరిశ్రమకు ముందస్తు చెల్లింపు ఛార్జీ లేకపోవడం అక్కడ 50 లక్షల దాకా మంజూరైన అప్పులకే.