నోట్సు ఎడమ కాలమ్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ఇక్కడే ప్లస్ టూ సైన్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. పది వరకు ఒడియా మీడియం, ఇప్పుడు అంతా ఇంగ్లీషు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ తనకు తెలుగు రాయడం రాదు. కాలేజీ నోట్సు గజిబిజిగా ఉందని రోజూ ఫెయిర్ చేయమన్నాను. ఇప్పుడు ఏదో వీడియో చూసి పేజీని రెండు కాలమ్స్‌గా గీసి, కింద సమ్మరీ పెట్టి, రంగు పెన్నులతో మొత్తం మళ్ళీ రాస్తోంది. రాత్రి పదకొండు దాటుతోంది. రాసిన రోజు అన్నీ వచ్చంటుంది, టెస్టులో రావు. ట్యాబ్ కొంటే పని తొందరగా అవుతుందంటోంది. వైజాగ్ హాస్టల్లో ఉన్న మా అన్నయ్య కొడుక్కి ప్రింటు మెటీరియల్ ఇస్తారు, వాడికి ఈ బాధే లేదు. ఈ పద్ధతి మంచిదా, మామూలు నోట్సే మంచిదా?

జవాబు:

ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. పాప వెనకబడిపోతోందని, వైజాగ్ పంపకపోవడం వల్లే ఇలా జరుగుతోందేమోనని మీరు భయపడుతున్నారు. ఇలాంటి ఉత్తరాలు గుణుపూర్ నుంచీ రాయగడ నుంచీ బరంపురం నుంచీ నాకు తరచుగా వస్తుంటాయి. పది దాకా ఒడియాలో చదివి, ఇప్పుడు ఇంగ్లీషులో రాసుకుంటూ, మనసులో తెలుగులో ఆలోచించే పిల్ల నోట్సు క్లాసులో గజిబిజిగా ఉండడంలో తప్పేమీ లేదు. అంత వేగంగా మూడు భాషలు దాటి ఏదో ఒకటి కాగితం మీద పెట్టగలుగుతోందంటే, తను క్లాసులో వింటోందన్నమాట. తన నోట్సు తనకు అర్థమైతే చాలు, మీకు అందంగా కనిపించక్కర్లేదు.

ఇక్కడే మీకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ ఫెయిర్ కాపీ అలవాటు మీరు చేసిందే. రెండు కాలమ్స్ వీడియో తర్వాత వచ్చింది. పుస్తకం తెరిచి దస్తూరి చూసి మెచ్చుకుంటే, పిల్లలు దస్తూరి మీదే శ్రమ పెడతారు. చూసి మళ్ళీ రాస్తున్నంతసేపూ వాక్యం కళ్ళ ముందే ఉంటుంది, గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరం ఒక్కసారీ రాదు. చేతికి నొప్పి వస్తుంది కాబట్టి చదివినట్టే అనిపిస్తుంది. రేపటి నుంచి ఫెయిర్ కాపీ మాన్పించండి.

రాసిన రోజు వచ్చి, టెస్టులో రాకపోవడం గురించి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. మరో పాఠాన్ని ఒకసారే చదివించి, తర్వాత చూడకుండా గుర్తున్నదంతా రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠమే కాస్త మెరుగ్గా గుర్తుంది. వారం తర్వాత పెడితే తలకిందులైంది. చూడకుండా రాసిన పాఠం సుమారు 56 శాతం గుర్తుంటే, రెండుసార్లు చదివిన పాఠం 42 శాతమే గుర్తుంది. మీ పాప రాత్రి పదకొండుకు 'అన్నీ వచ్చు' అన్నప్పుడు అబద్ధం చెప్పడం లేదు. ఆ గంటకు నిజంగానే వచ్చు.

ఇప్పుడు ఆ రెండు కాలమ్స్. 1950ల్లో కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ఆయన తన విద్యార్థుల కోసం తయారుచేసిన పద్ధతి అది. కుడివైపు ఆరంగుళాల కాలమ్‌లో క్లాసు నోట్సు, ఎడమవైపు రెండున్నర అంగుళాల ఖాళీ, అడుగున రెండంగుళాల పట్టీ. మన లాంగ్ నోటుబుక్కు వెడల్పు తక్కువ కాబట్టి ఎడమవైపు అయిదు సెంటీమీటర్లు వదిలినా సరిపోతుంది. క్లాసులో ఎడమవైపు ఏమీ రాయకూడదు. అదే రోజు సాయంత్రం, మరీ కాకపోతే మర్నాడు, కుడివైపు ఉన్నది చదువుతూ ఎడమవైపు ప్రశ్నలు రాయాలి. తర్వాత కుడివైపు ఒక కాగితంతో మూసి, ఎడమవైపు ప్రశ్న మాత్రమే చూస్తూ పైకి జవాబు చెప్పాలి. ఈ పద్ధతి ఉన్నదే ఆ మూసి చెప్పడం కోసం. వీడియోల్లో గీత గీయడం, రంగులు వేయడం బాగా చూపిస్తారు. మూసి తడబడుతూ జవాబు చెప్పడం చూడ్డానికి బాగుండదు కాబట్టి అది వాటిలో ఉండదు. పాపకు అందిందల్లా గీతలే.

ఒక పేజీ తీసుకుని చూద్దాం. బయాలజీలో గుండె పాఠం. కుడివైపు క్లాసులో రాసుకున్నది ఇలా ఉందనుకోండి: ఎస్ఏ నోడ్ కుడి ఏట్రియం పైభాగంలో ఉంటుంది, సంకేతం అక్కడ మొదలై ఏవీ నోడ్‌కు, అక్కడి నుంచి బండిల్ ఆఫ్ హిస్‌కు, పర్కింజీ ఫైబర్లకు వెళుతుంది. గుండె కొట్టుకునేది నిమిషానికి 72 సార్లు, ఒక చక్రానికి 0.8 సెకన్లు. ఒకసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం, అంటే స్ట్రోక్ వాల్యూమ్, 70 మిల్లీలీటర్లు. గుండె శబ్దాల్లో లబ్ వచ్చేది ట్రైకస్పిడ్, బైకస్పిడ్ వాల్వులు మూసుకున్నప్పుడు, డబ్ వచ్చేది సెమీలూనార్ వాల్వులు మూసుకున్నప్పుడు.

చాలామంది ఎడమవైపు 'ఎస్ఏ నోడ్', 'హార్ట్ సౌండ్స్' అని హెడ్డింగులు రాసి వదిలేస్తారు. హెడ్డింగు ఏమీ అడగదు. దాన్ని చూసి 'ఆ, ఇది తెలుసు' అనుకుని కిందికి జారిపోతాం. ప్రశ్న అయితే జారనివ్వదు. గుండెకు వెళ్ళే నరాలు తెగిపోయినా అది కొట్టుకుంటుందా, ఎందుకు? సంకేతం ఎక్కడ మొదలై ఏ దారిన పోతుంది? నిమిషానికి ఎంత రక్తం పంపు అవుతుంది, ఆ లెక్క ఎలా వచ్చింది? లబ్‌కు ఏ వాల్వులు, డబ్‌కు ఏ వాల్వులు? పేజీకి ఇలాంటివి నాలుగైదు చాలు. ప్రతి వాక్యానికీ ఒక ప్రశ్న రాస్తే అదీ ఫెయిర్ కాపీలాగే అయిపోతుంది.

ఈ ప్రశ్నలు ఏ భాషలో రాయాలన్నది మన సరిహద్దు పిల్లలకు చాలా ముఖ్యం. పాప మనసులో ప్రశ్న తెలుగులో పుడితే తెలుగులోనే రాయనివ్వండి, తెలుగు రాయడం రాదు కాబట్టి ఒడియా లిపిలో రాసుకున్నా నష్టం లేదు. ఆ కాలమ్‌కు మార్కులు వేసేవాళ్ళెవరూ ఉండరు. జవాబు మాత్రం ఇంగ్లీషులో పూర్తి వాక్యంగా పైకి చెప్పాలి, ఎందుకంటే పరీక్షలో రాయాల్సింది అదే. మీ పాప టెస్టులో తడబడడానికి విషయం మరిచిపోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. తెలుగులో తెలిసిన విషయాన్ని ఇంగ్లీషు వాక్యంగా మార్చడం ఇంటి దగ్గర ఒక్కసారీ చేయకపోతే, మొదటిసారి పరీక్ష హాల్లోనే చేయాల్సి వస్తుంది.

మూసి చెప్పేటప్పుడు ఏం జరుగుతుందో కూడా చూడండి. డబ్ గురించి అడిగితే పాప 'వాల్వులు మూసుకుంటాయి' అని ఆగిపోతుంది. ఏ వాల్వులో రాదు. కాగితం తీసి చూసుకుని ఆ ప్రశ్న పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టాలి. నిమిషానికి ఎంత రక్తమంటే 'అయిదు లీటర్లు' అని వెంటనే అంటుంది, లెక్క అడిగితే తెలియదు. అక్కడా ఒక చుక్క. 72ను 70తో గుణిస్తే 5040 మిల్లీలీటర్లు, అంటే సుమారు అయిదు లీటర్లు అని చెప్పగలిగినప్పుడే ఆ ప్రశ్న వచ్చినట్టు. మర్నాడు ఒకసారి, వారం తర్వాత మరోసారి చూసుకోవాలి. రెండోసారి చుక్క ఉన్నవాటితో మొదలుపెట్టాలి. ప్రశ్నలు వరసగా చెప్పడం వచ్చేశాక కింది నుంచి పైకి అడగండి. వరస మారగానే తడబడితే, పాప గుర్తుపెట్టుకున్నది పేజీని, పాఠాన్ని కాదు.

అడుగు పట్టీలో రెండు మూడు వాక్యాలు రాయాలి, అవీ పేజీ చూడకుండా, ఇంగ్లీషులో. 'ఈ పేజీలో గుండె గురించి ఉంది' అని రాస్తే దాని వల్ల ఉపయోగం లేదు. గుండె లయను ఎస్ఏ నోడ్ మొదలుపెడుతుంది, కొట్టుకున్న ప్రతిసారీ 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి సుమారు అయిదు లీటర్లు పంపు అవుతుంది, శబ్దాలు వచ్చేది వాల్వులు మూసుకోవడం వల్ల: ఈ మూడు మాటలు తన వాక్యాల్లో వస్తే పేజీ అర్థమైనట్టే. రాకపోతే పాఠం ఇంకోసారి చదవాలి, పట్టీ నింపడానికని పక్కనున్న వాక్యాలు ఎత్తి రాయకూడదు.

అన్ని సబ్జెక్టులకూ ఇది పనిచేయదు. లెక్కలకు, ఫిజిక్స్ ప్రాబ్లమ్స్‌కు తెల్లకాగితం మీద మొదటి నుంచి చేయడమే దారి. అక్కడ ఎడమ కాలమ్‌లో 'ఈ స్టెప్ ఎందుకు?' అన్న ఒక్క ప్రశ్న మాత్రం పనికొస్తుంది. బయాలజీకి, కెమిస్ట్రీలో రియాక్షన్లకు, ఫిజిక్స్ సిద్ధాంతాలకు ఈ పేజీ బాగా సరిపోతుంది.

ఇక ట్యాబ్. నేను కొనమని చెప్పను. అందులో రెడీమేడ్ టెంప్లేట్లు ఉంటాయి, గీతలు క్షణంలో వస్తాయి, రంగులు మార్చుకోవచ్చు. పాపకు సమయం పోతున్నది మళ్ళీ రాయడం దగ్గర. ఆ పని ఎంత తొందరగా చేసినా గుర్తుండే పని మొదలుకాదు. పైగా కుడివైపు మూయడానికి అట్టముక్క చాలు. మీ అన్నయ్య కొడుకు మెటీరియల్ గురించి కూడా బాధపడకండి. అందులో ప్రశ్నలు ఎవరో రాసిపెట్టినవి. తనకు ఎక్కడ తెలియడం లేదో ఆ ప్రింటుకు తెలియదు. ఆ అబ్బాయి కూడా మూసి చెప్పుకుంటేనే గుర్తుంటుంది. ఈ విషయంలో హాస్టలైనా పర్లాకిమిడైనా తేడా లేదు.

ఇప్పటికే ఫెయిర్ చేసిన పుస్తకాలు పారేయకండి, మళ్ళీ రాయించకండి. అయిదు సెంటీమీటర్ల వెడల్పు కాగితం పట్టీలు కత్తిరించి, టెస్టులో మార్కులు పోయిన పాఠాల పేజీలకు మాత్రం అంచున స్టేపుల్ చేసి, ప్రశ్నలు ఆ పట్టీ మీద రాయమనండి. పేజీకి పది నిమిషాలు పడుతుంది. రాత్రి పది లోపే పడుకోవచ్చు.

మీకూ ఒక పని ఉంది. భోజనాల తర్వాత పుస్తకం మీరు పట్టుకుని ఎడమవైపు ప్రశ్నలు అడగండి. ఒడియా లిపి మీకు చదవడం వస్తే చాలు, బయాలజీ రానక్కర్లేదు, జవాబు కుడివైపే ఉంటుంది. పాప ఆగిపోతే చుక్క పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్ళండి. తిట్టకండి. తిడితే మర్నాటి నుంచి తనకు వచ్చిన ప్రశ్నలే ఆ కాలమ్‌లో రాస్తుంది.