రాత్రి మూడింటికి చెమట, ఆ వెంటనే వణుకు: తప్పు రగ్గుదేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఆదిలాబాద్. మా అమ్మకి 66 ఏళ్లు, షుగర్, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. చలికని పెద్ద మింక్ బ్లాంకెట్ కొన్నాం. రాత్రి మూడింటికల్లా జాకెట్ తడిసిపోయి లేస్తుంది, తర్వాత వణుకుతుంది. ఉన్నిది కొనాలా, ఫ్లీసా, దూది రజాయా?

జవాబు: కొనేది తర్వాత చూద్దాం గానీ, ఈసారి అలా లేచినప్పుడు ముందు గ్లూకోమీటర్‌తో షుగర్ చూడండి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి టాబ్లెట్ గానీ వాడేవాళ్లకి రాత్రి షుగర్ పడిపోతే అచ్చం ఇలాగే చెమటలు పడతాయి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి, పొద్దున్నే మందు రాసిన డాక్టర్‌కి చెప్పండి.

షుగర్ బాగానే ఉంటే అప్పుడు బ్లాంకెట్‌నే అనుమానించాలి. మింక్ అని పేరే గానీ అది పాలిస్టర్. మనల్ని వెచ్చగా ఉంచేది బట్ట కాదు, అందులో కదలకుండా ఉన్న గాలి, అది ఇందులో బోలెడు ఉంటుంది, కానీ పాలిస్టర్ చెమట పీల్చదు, ఒంటి ఆవిరి లోపలే ఉండిపోయి జాకెట్ తడుస్తుంది, తెల్లారుజామున చలి ముదిరేసరికి ఆ తడే చల్లబడి వణికిస్తుంది. పైగా కొన్ని నాలుగు కిలోలుంటాయి, మోకాళ్ల నొప్పులున్న మనిషి దాని కింద పక్కకి తిరగాలన్నా అవస్థే.

ఉన్ని దీనికి పూర్తిగా వ్యతిరేకం. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా చేతికి తడి తగలదు, అందుకే మన గొర్రెలకాపరులు గొంగడి కప్పుకుని చేలల్లో పడుకునేవాళ్లు. గరుకుగా ఉండి దురద పెడుతుంది నిజమే, కింద పల్చటి నూలు దుప్పటి వేస్తే సరి.

దూది రజాయి కొత్తలో హాయిగా ఉంటుంది, చెమటా పీలుస్తుంది, కానీ తడి పట్టుకుని త్వరగా ఆరదు, రెండు మూడేళ్లకి దూది ఉండలు కడుతుంది. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకోండి, వెలుతురు కనపడే చోటల్లా చలి దూరుతున్నట్టే. ఏకించి మళ్లీ కుట్టిస్తే బాగవుతుంది, కనీసం వారానికోసారి ఎండలో వేయండి. ఫ్లీస్ తేలిక, ఉతికితే గంటల్లో ఆరుతుంది, కాకపోతే గాలి సూటిగా దూరుతుంది, ఒక్కటే కప్పుకుంటే ఆదిలాబాద్ చలికి ఆనదు.

మీ అమ్మగారికైతే నేను చెప్పేది ఇదీ: ఒంటికి తగిలేలా నూలు దుప్పటి, దానిమీద పల్చటి ఉన్ని కంబళి, కాళ్ల దగ్గర మడతపెట్టి ఒక ఫ్లీస్. ఉక్కపోస్తే కాలితో తోసేసుకోవచ్చు, చలేస్తే లాక్కోవచ్చు, బరువున్న ఒక్క బ్లాంకెట్‌తో ఆ సౌకర్యం ఉండదు. పొద్దున లేవగానే కంబళి లోపలివైపు ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, చెమ్మ తగలకపోతే కుదిరినట్టే. ఇవన్నీ మార్చాక కూడా రెండు వారాలు జాకెట్ తడుస్తూనే ఉండి, సాయంత్రం జ్వరం, దగ్గు, బరువు తగ్గడం కనిపిస్తే ఇంకో రగ్గు కొనకండి, ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయించండి.